మాఫీ అన్నారు, మళ్లీ ఈ రూపాయి ఎనభై పైసలు ఎవరికి?

పెట్రోలుకు జీఎస్టీ లేదు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు పెట్రోలు, డీజిలు, ముడి చమురు, సహజవాయువు, విమాన ఇంధనం ఈ ఐదింటినీ గడప బయటే నిలబెట్టారు. ఎప్పుడు లోపలికి పిలవాలో జీఎస్టీ కౌన్సిల్ చెప్తుందని రాజ్యాంగం 279ఏ అధికరణంలో రాసిపెట్టారు. ఇన్నేళ్లయినా కౌన్సిల్ పిలవలేదు. అట్లాంటప్పుడు బాగేపల్లి బంకులో వెయ్యి రూపాయల పెట్రోలు కొట్టించుకుని క్రెడిట్ కార్డు గీకినవాడి స్టేట్‌మెంటులోకి జీఎస్టీ పేరుతో రూ.1.80 ఎట్లా వచ్చి కూర్చుంది? అదీ ‘ఫ్యూయల్ సర్‌చార్జి వేవర్’ ఉందని ఊదరగొట్టి చేతిలో పెట్టిన కార్డు మీద?

రూపాయి ఎనభై పైసలకు ఇంత రాద్ధాంతమా అనేవాళ్లు ఇక్కడే పేజీ తిప్పేయొచ్చు. నేను రాస్తున్నది ఆ రూపాయి ఎనభై పైసలు ఎందుకు పడిందో ఎవరూ నేరుగా చెప్పక, బంకు కుర్రాడి మీద కసురుకుని, కస్టమర్ కేర్‌లో పాట విని, చివరికి ‘పోనీలే’ అనుకుని వదిలేసిన వాళ్ల కోసం. ఆ ‘పోనీలే’ మీదే ఈ లెక్కంతా నడుస్తోంది.

పెట్రోలు లెక్క బాగేపల్లి వాళ్లకు ఎవరూ నేర్పక్కరలేదు. నేషనల్ హైవే 44 మీద ఊరు దాటి కాస్త పోతే కొడికొండ చెక్‌పోస్టు, అదే ఆంధ్రా. అక్కడ పెట్రోలు మీద పన్ను ఎక్కువ, ఇక్కడ తక్కువ. హిందూపురం, గోరంట్ల దిక్కు బండ్లు ఇవతలికి వచ్చాక ట్యాంకు నింపుకుంటాయి. బెంగళూరు నుంచి అనంతపురం పోయే కార్లు సరిహద్దు దాటకముందే మన బంకుల్లోకి తిరుగుతాయి. 2024 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం పెట్రోలు మీద అమ్మకం పన్నును 25.92 శాతం నుంచి 29.84 శాతానికి పెంచి లీటరుకు మూడు రూపాయలు మీద వేసినప్పుడు ఆ తేడా తగ్గిందే గాని పోలేదు. లీటరుకు కొన్ని రూపాయలు కలిసొస్తాయని రాష్ట్రం దాటి వచ్చే మనిషి పైసలు లెక్కపెట్టడని ఏ బ్యాంకు అనుకుందో నాకు అర్థం కాదు. ఆ మనిషి లెక్కపెడతాడు. లెక్క తేలకుండా చేసిన రాతే అతన్ని ఓడిస్తోంది.

ఆ రాతను విప్పుదాం.

బంకులో కార్డు గీకితే చేతికొచ్చే చీటీలో వెయ్యి అనే ఉంటుంది. నెల తిరిగాక వచ్చే స్టేట్‌మెంటులో చూడండి. కొన్ని బ్యాంకులు పెట్రోలు వరుస వెయ్యిగానే ఉంచి, దాని కింద సర్‌చార్జి పది రూపాయలు, జీఎస్టీ రూపాయి ఎనభై అని వేరుగా చూపిస్తాయి. కొన్ని మూడూ కలిపి రూ.1011.80 అని ఒకే ముద్దగా పడేస్తాయి. ఆ తర్వాత ఎక్కడో నాలుగు వరుసల కింద, ఒక్కోసారి వచ్చే నెల స్టేట్‌మెంటులో, పది రూపాయలు వెనక్కి ఇచ్చినట్టు ఇంకో వరుస. పదీ పదీ కొట్టేసుకుపోయాయి. మిగిలింది రూ.1.80. అంటే సర్‌చార్జి ఒక శాతం, ఆ ఒక శాతం మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ. వేసిన ఒక శాతాన్ని బ్యాంకు వెనక్కి వేస్తుంది. దాని మీది పన్నును వేయదు. మాఫీ అయిన రుసుము మీద మాఫీ కాని పన్ను. కథంతా ఇంతే.

అసలు ఈ ఒక శాతం ఎక్కడిది? చెప్పుల షాపులో కార్డు గీకితే పడదు, బట్టల షాపులో పడదు, పెట్రోలు బంకులోనే ఎందుకు? దీనికి మాత్రం నిజంగానే ఒక కారణం ఉంది. కార్డు గీకిన ప్రతిసారీ అమ్మినవాడి దగ్గర బ్యాంకులు కొంత కోసుకుంటాయి. బట్టల షాపు ఆయనకు లాభం చేతిలో ఉంటుంది కాబట్టి అందులోంచి ఇచ్చుకుంటాడు, లేదా చీర ధరలోనే కలిపేస్తాడు. పెట్రోలు డీలరుకు ఆ వెసులుబాటు లేదు. ధర అతను పెట్టేది కాదు. లాభమూ అతను పెట్టేది కాదు. ఆయిల్ కంపెనీ లీటరుకు ఇంత అని కమిషన్ కట్టి ఇస్తుంది. అది నాలుగు రూపాయలకు కాస్త అటూ ఇటూ. నూటరెండు, నూటమూడు రూపాయల లీటరు మీద కార్డు రుసుము ఒక శాతం అనుకున్నా రూపాయి పైన పోతుంది. అంటే కమిషన్‌లో నాలుగో వంతు. కరెంటు, కూలీలు, ఆవిరైపోయే పెట్రోలు అన్నీ ఆ మిగిలినదాంట్లోంచే. అందుకని మేము భరించం అన్నాడు డీలరు. బ్యాంకు వదులుకోనంది. చివరికి అది కార్డు పట్టుకున్నవాడి మీదికి వచ్చింది. ఒకప్పుడు చాలా కార్డుల్లో అది రెండున్నర శాతం ఉండేది. తర్వాత ఒక శాతానికి దిగింది.

ఈ గొడవ బహిరంగంగా బద్దలైంది 2017 జనవరిలో. అంతకు రెండు నెలల ముందే పెద్ద నోట్లు రద్దయ్యాయి. చేతిలో డబ్బు లేదు, కార్డు గీకండి, కార్డు గీకండి అని ఊరూరా చెప్పారు. 2016 డిసెంబరులో కేంద్రం ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వ రంగ బంకుల్లో కార్డుతో కట్టినవాళ్లకు 0.75 శాతం తగ్గింపు ప్రకటించింది. జనం అలవాటు పడుతున్నారు. సరిగ్గా అప్పుడు బ్యాంకులు డీలర్లకు చెప్పాయి: జనవరి 9 నుంచి కార్డు లావాదేవీ మీద ఒక శాతం దాకా మీ దగ్గర పట్టుకుంటాం అని. డీలర్ల సంఘం భగ్గుమంది. అయితే కార్డులే తీసుకోం పొమ్మంది. నోట్లు లేని కాలంలో కార్డూ వద్దంటే బండి ఎట్లా కదులుతుంది? అప్పటి పెట్రోలియం మంత్రి ధర్మేంద్ర ప్రధాన్ దిగివచ్చి, ఈ భారం వినియోగదారు మీదా పడదు, డీలరు మీదా పడదు అన్నారు. డీలర్లు జనవరి 13 దాకా ఆగుతామన్నారు, తర్వాత సర్దుకున్నారు.

వినియోగదారు మీద పడదు అన్న ఆ మాట క్రెడిట్ కార్డు ఉన్నవాడి దాకా రానేలేదు. ఆ 0.75 శాతం తగ్గింపైనా మిగిలిందా? 2019 అక్టోబరు 1 నుంచి క్రెడిట్ కార్డులకు అది బంద్. ఆయిల్ కంపెనీలు చెప్పాయి, మేము ఆపుతున్నాం అని బ్యాంకులు రెండు ముక్కల మెసేజ్ పంపాయి. రమ్మని పిలిచినప్పుడు ఇచ్చిన తాంబూలం వెనక్కి తీసుకున్నారు; కూర్చున్నందుకు వేసే రుసుము మాత్రం అట్లాగే ఉంచారు. ఆ రుసుము మీద పన్ను కూడా పెరిగింది. జీఎస్టీకి ముందు రోజుల్లో సేవా పన్ను, దాని మీద రెండు సెస్సులు కలిపి పదిహేను శాతం. జీఎస్టీతో పద్దెనిమిది. అంటే వెయ్యి రూపాయల పెట్రోలు మీద, అదే ఒక శాతం సర్‌చార్జికి, మాఫీ తర్వాత మిగిలే ముక్క రూపాయిన్నర నుంచి రూపాయి ఎనభైకి పెరిగింది. దీనికి ఎవరూ పత్రికా సమావేశం పెట్టలేదు.

ఇక బ్యాంకు ఏమంటుందో వినండి. నేను నా కార్డు బ్యాంకుకు ఫోన్ చేసి అడిగాను. దాని పేరు రాయను. రాసినా లాభం లేదు, ఏ బ్యాంకు చెప్పినా ఇదే చెప్తుంది.

‘సార్, మీకు సర్‌చార్జి పూర్తిగా వేవర్ అయింది సార్.’

‘అయితే ఈ రూపాయి ఎనభై?’

‘అది జీఎస్టీ సార్. జీఎస్టీ వేవర్ కాదు సార్.’

‘ఏ సేవ మీద జీఎస్టీ అమ్మా?’

‘సర్‌చార్జి మీద సార్.’

‘సర్‌చార్జి మీరు తీసుకోలేదు కదా?’

‘అవును సార్, అది పూర్తిగా వేవర్ అయింది సార్.’

ఆ అమ్మాయిని నేనేమీ అనను. ఎదురుగా ఉన్న స్క్రీన్ మీద ఏముందో అదే చదువుతోంది. నా కోపం ఆ స్క్రీన్ మీద మాటలు రాయించినవాళ్ల మీద. ఎందుకంటే ‘జీఎస్టీ ప్రభుత్వానిది, మా చేతుల్లో లేదు’ అన్న మాట సగమే నిజం. పద్దెనిమిది శాతం రేటు బ్యాంకు చేతిలో లేదు. ఆ పద్దెనిమిది శాతాన్ని దేని మీద లెక్కకట్టాలో, ఆ దేన్ని సృష్టించాలో వద్దో మాత్రం ముమ్మాటికీ బ్యాంకు చేతిలోనే ఉంది.

జీఎస్టీ చట్టంలో పదిహేనో సెక్షన్ తీయండి. అమ్మేటప్పుడే ఇచ్చిన తగ్గింపును బిల్లులో చూపిస్తే, ఆ తగ్గింపు మీద పన్ను లేదని అందులో ఉంది. ముప్పైనాలుగో సెక్షన్ తీయండి. బిల్లులో వేసిన విలువ, పన్ను ఉండాల్సినదానికంటే ఎక్కువైతే క్రెడిట్ నోట్ ఇచ్చి దిద్దుకునే దారి అందులో ఉంది. ఇప్పుడు చెప్పండి. ఈ కార్డుకు ఈ మాఫీ ఉందన్న సంగతి బ్యాంకుకు నేను బంకులోకి పోకముందే తెలుసు. కార్డు ఇచ్చిన రోజే తెలుసు. నాలుగొందల నుంచి నాలుగు వేల లోపు పెట్రోలు కొట్టిస్తే సర్‌చార్జి తీసుకోనని కాగితం మీద రాసిచ్చింది. తెలిసి తెలిసి మొదట పది రూపాయలు వేయడం ఎందుకు, పన్ను పుట్టించడం ఎందుకు, తర్వాత పది తీసి పన్నును నా నెత్తిన వదిలిపెట్టడం ఎందుకు? వేయకపోతే పన్నే పుట్టదు కదా!

దీనికి బ్యాంకుల దగ్గర ఒక జవాబు ఉంది. న్యాయంగా దాన్నీ చెప్పాలి. సర్‌చార్జి వేసేది ఒకరు, మాఫీ చేసేది ఇంకొకరు. బంకులో స్వైపింగ్ మిషన్ పెట్టింది ఒక బ్యాంకు కావచ్చు, నా జేబులో కార్డు ఇచ్చింది ఇంకో బ్యాంకు కావచ్చు. మిషన్ పెట్టిన బ్యాంకును బట్టి సర్‌చార్జి మారొచ్చని కార్డు నిబంధనల్లోనే రాసి ఉంటుంది. ఆ సర్‌చార్జి ఖర్చును కార్డు బ్యాంకు తన జేబులోంచి నాకు తిరిగి ఇస్తోంది, అది ఒక కానుక, కానుక మీద అధికారం లేదు అంటారు. సరే, ఒప్పుకుంటా. కానుకే అనుకుందాం. పది రూపాయలు జేబులోంచి తీసి ఇవ్వగలిగిన బ్యాంకు రూపాయి ఎనభై తీయలేకపోయిందా? పది రూపాయలు తిరిగి వేసేటప్పుడు పదకొండు ఎనభై వేస్తే ఏ చట్టం అడ్డొచ్చింది? ఏదీ రాలేదు. అదే నా ప్రశ్న. ‘మా చేతుల్లో లేదు’ అనొద్దు. ‘ఇవ్వదలుచుకోలేదు’ అనండి. అది కనీసం నిజాయితీ.

ఇందాక చెప్పిన ‘నాలుగొందల నుంచి నాలుగు వేల లోపు’ అన్నది చిన్న మాట కాదు. మిగిలిపోయే ముక్కలో పెద్ద భాగం అక్కడే దాక్కుంటుంది. చాలా కార్డులకు మాఫీ ఒక కింది గీతకూ ఒక పై గీతకూ మధ్యనే. కింది గీత నాలుగొందలో అయిదొందలో. పై గీత మూడు వేలో, నాలుగు వేలో, అయిదు వేలో. దాని పైన నెలకు ఇంతే అని ఒక మొత్తం పరిమితి, కొన్ని కార్డులకు అది వంద రూపాయలే. ఈ గీతలు సర్‌చార్జి, జీఎస్టీ కలపకముందు ఉన్న పెట్రోలు సొమ్ముకే.

చింతామణి మార్కెట్‌కు టమాటా తోలే టెంపో ఉన్న ఒక మనిషిని ఊహించుకోండి. ఇంట్లో ఒక మోటార్ సైకిలూ ఉంది. కార్డు ఒకటే. మాఫీ నాలుగొందల నుంచి నాలుగు వేల దాకా, నెలకు వంద రూపాయల పరిమితి. ఒక నెలలో నాలుగుసార్లు గీకాడు.

మొదటిది మోటార్ సైకిలుకు మూడొందలు. సర్‌చార్జి మూడు రూపాయలు, జీఎస్టీ యాభైనాలుగు పైసలు. కింది గీతకు తక్కువ కాబట్టి మాఫీ లేదు. మొత్తం రూ.3.54 అతనిదే. కనీసం పది రూపాయలు అని నిబంధన ఉన్న చోట అయితే మూడొందల పెట్రోలుకు సర్‌చార్జే పది రూపాయలు అవుతుంది, అది ఇంకా దారుణం.

రెండోది టెంపోకు వెయ్యి. సర్‌చార్జి పది, జీఎస్టీ 1.80. పది మాఫీ. మిగిలింది రూ.1.80.

మూడోది సరిగ్గా నాలుగు వేలు. సర్‌చార్జి నలభై, జీఎస్టీ 7.20. నలభై మాఫీ. మిగిలింది రూ.7.20.

నాలుగోది, ట్యాంకు ఫుల్లు చేయించి నాలుగువేల అయిదొందలు. ఇక్కడ పడతాడు మన మనిషి. ‘నాలుగు వేల వరకు మాఫీ కదా, పైన ఉన్న అయిదొందలకే కదా సర్‌చార్జి’ అనుకుంటాడు. కాదు. పై గీత దాటితే మొత్తానికీ మాఫీ పోతుంది. సర్‌చార్జి నలభై అయిదు, జీఎస్టీ 8.10, రెండూ కలిపి రూ.53.10 పూర్తిగా అతని నెత్తినే.

నెల మొత్తానికి కొట్టించింది తొమ్మిది వేల ఎనిమిదొందలు. పడిన సర్‌చార్జి తొంభై ఎనిమిది, మాఫీ అయింది యాభై. జీఎస్టీ 17.64లో మాఫీ అయింది సున్నా. కార్డు మీద ‘సర్‌చార్జి వేవర్’ అని బంగారు అక్షరాలు ఉన్నా అతను కట్టింది రూ.65.64. అందులో యాభైమూడు రూపాయల పది పైసలు ఆ ఒక్క ఫుల్లు ట్యాంకుదే. దాన్నే రెండువేల రెండొందల యాభై చొప్పున రెండుసార్లు గీకించి ఉంటే, నలభై అయిదూ మాఫీ అయ్యేది, పన్ను 8.10 మాత్రం మిగిలేది. నెల పరిమితి వంద ఉంది కాబట్టి అదీ అడ్డం రాదు. బంకులో వెనకున్న బండివాడు హారన్ కొడుతుంటే రెండుసార్లు గీకమని అడగడానికి మొహమాటపడితే, ఆ మొహమాటం ఖరీదు నలభై అయిదు రూపాయలు.

పరిమితి దెబ్బ ఎట్లా తగులుతుందో కూడా చూడండి. అదే కార్డు మీద నెలలో నాలుగుసార్లు మూడు వేల చొప్పున కొట్టిస్తే ఏ ఒక్కటీ గీత దాటదు. కాని సర్‌చార్జి మొత్తం నూటఇరవై. మాఫీ వందకు ఆగిపోతుంది. ఇరవై మిగిలింది, దానికి నూటఇరవై మీది జీఎస్టీ 21.60 తోడు. రూ.41.60. ఏ చీటీ చూసినా మాఫీకి అర్హత ఉంది, స్టేట్‌మెంటులో మాత్రం నలభై రూపాయల బొక్క. మాఫీ రాలేదని ఫోన్ చేస్తే వచ్చిందంటారు, వచ్చిందని ఒప్పుకుంటే ఈ నలభై ఏమిటో చెప్పరు.

మీ స్టేట్‌మెంటులో ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఎవరికీ ఫోన్ చేయక్కరలేదు. బంకు చీటీ దాచుకోండి. ఆ చీటీలో ఉన్న సొమ్ముకు పైన మీకు చివరికి ఎంత పడిందో చూడండి. వెయ్యికి రూపాయి ఎనభై చొప్పున పడితే మాఫీ వచ్చింది, మిగిలింది పన్ను. వెయ్యికి పదకొండు ఎనభై చొప్పున పడితే మాఫీ రాలేదు. ఆ రెంటికీ మధ్యలో ఏదో అంకె వస్తే నెల పరిమితి తగిలింది. ఒక జాగ్రత్త: పదకొండు ఎనభై చూడగానే గొంతు ఎత్తకండి, మాఫీ వరుస తర్వాతి స్టేట్‌మెంటులో పడే అవకాశం ఉంది. బిల్లు తయారయ్యే రోజుకు ఒకటి రెండు రోజుల ముందు కొట్టించిన పెట్రోలుకు తరచు అట్లాగే జరుగుతుంది. తర్వాతి స్టేట్‌మెంటులోనూ రాకపోతే, గీతలు దాటలేదని మీకు ఖాయమైతే, ఇంకో అనుమానం మిగులుతుంది. ప్రతి దుకాణానికీ కార్డు వ్యవస్థలో ఒక కోడ్ ఉంటుంది; బంకులకు 5541, 5542. బంకు ఆవరణలోనే ఉన్నా మిషన్ ఇంకో కోడ్ కింద నమోదై ఉంటే, మాఫీ లెక్క చూసే కంప్యూటరుకు మీరు కొన్నది పెట్రోలు అని తెలియనే తెలియదు. అప్పుడు చీటీ పట్టుకుని బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, వచ్చింది సరిగా లేకపోతే, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు. `cms.rbi.org.in`లో ఫిర్యాదు నమోదు చేయొచ్చు, రుసుము లేదు.

అయితే ఒక విషయంలో నేను మిమ్మల్ని మభ్యపెట్టను. ఆ 1.80 కోసం అంబుడ్స్‌మన్ దగ్గరికి పోతే గెలవడం కష్టం. ఎందుకంటే కార్డుతో పాటు వచ్చిన చిన్న అక్షరాల కాగితంలో, మాఫీ జీఎస్టీకి వర్తించదని రాసే ఉంటుంది. రిజర్వ్ బ్యాంకు 2022 ఏప్రిల్ 21న ఇచ్చిన కార్డుల ఆదేశాల్లో, కార్డు ఇచ్చేటప్పుడు స్పష్టంగా చెప్పని చార్జీని వినియోగదారు అనుమతి లేకుండా వేయకూడదని ఉంది. బ్యాంకు చెప్పింది, చిన్న అక్షరాల్లో చెప్పింది. చట్టానికి అది చాలు. మనిషికి చాలదు. ‘ఒక శాతం మాఫీ’ అని బోర్డంత అక్షరాల్లో, ‘పన్ను కాదు’ అని చీమ తలకాయంత అక్షరాల్లో రాసినప్పుడు రెండూ ఒకేలా చెప్పినట్టు కాదు. సర్‌చార్జి, దాని పన్ను కలిపి నూటపద్దెనిమిది పైసలు తీసుకుని వంద తిరిగి ఇచ్చేవాడు ఎనభై అయిదు శాతం మాఫీ చేసినట్టు. ఆ లెక్కే అట్ట మీద వేయమనండి, ఎవరు వేస్తారో చూద్దాం.

ఇంకో వాదన ఉంది, నాకు బాగా చిరాకు తెప్పించేది. ‘అంత బాధైతే కార్డు ఎందుకు గీకడం, ఫోన్‌లో యూపీఐ కొట్టొచ్చు కదా’ అంటారు. మన బంకుల్లో కుర్రాళ్లే ఆ మాట చెప్తారు: ‘అన్నా, కార్డైతే ఎక్కువ పడ్తాది, స్కాన్ చేసేయ్.’ మంచి సలహా. ఖాతాలోంచి నేరుగా పోయే యూపీఐకి 2020 జనవరి నుంచి దుకాణదారు మీద కూడా రుసుము లేదు. చేతిలో డబ్బున్నవాడికి అంతకంటే మేలైన దారి లేదు. కాని క్రెడిట్ కార్డు పట్టుకున్నవాడు ఎందుకు పట్టుకున్నాడు? టమాటా అమ్మిన డబ్బు వచ్చేది వారానికో పక్షానికో, డీజిలు కావాల్సింది ఈ పొద్దు. ఆ మధ్య రోజులను దాటడానికే కార్డు. ఆ అవసరం ఉన్నవాడికే ‘సర్‌చార్జి ఉండదు’ అన్న ఆశ పెట్టి అమ్మారు. అవసరం లేనివాడికి యూపీఐ ఉంది. అవసరం ఉన్నవాడికి రూపాయి ఎనభై ఉంది. వడ్డీ లేని అప్పు ఇస్తున్నాం కదా అంటారేమో. ఆ అప్పుకు బంకు దగ్గర వేరే రుసుము ఎందుకు, మిగతా ఏ దుకాణంలోనూ లేనిది? దానికి డీలరు కమిషన్ కథ చెప్తారు. కమిషన్ కట్టేది ఆయిల్ కంపెనీ. మూడు పెద్ద ఆయిల్ కంపెనీలూ ప్రభుత్వానివే. మంత్రి 2017లో అన్నమాట కూడా అదే, భారం మీ మీద పడదని. మరి ఆ మాట నడిచి బాగేపల్లి దాకా ఎందుకు రాలేదు?

జి.వి. శ్రీరామరెడ్డిని రెండుసార్లు ఎర్రజెండా మీద అసెంబ్లీకి పంపిన తాలూకా ఇది. కూలి రేటులో, తూకంలో, చిల్లరలో ఎవడు కొట్టేసినా నిలదీయడం ఇక్కడివాళ్లకు కొత్త కాదు. ఆ నిలదీతకు ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు, అందుకే నడిచింది. ఇప్పుడు ఎదురుగా మనిషి లేడు. బంకు కుర్రాడు మాకు తెలీదంటాడు, డీలరు బ్యాంకును చూపిస్తాడు, మిషన్ బ్యాంకు కార్డు బ్యాంకును చూపిస్తుంది, కార్డు బ్యాంకు జీఎస్టీని చూపిస్తుంది. జీఎస్టీ అధికారిని అడిగితే, సేవ అమ్మినవాడు కట్టాడు, మేము పుచ్చుకున్నాం అంటాడు. అందరూ వేలు చూపిస్తారు, ఎవరూ చేయి చాపరు.

కాబట్టి వేలు నేనే ఒకరి మీద పెడతాను: కార్డు ఇచ్చిన బ్యాంకు. మాఫీ అన్న మాట అమ్ముకున్నది అది. ఆ మాట మీదే కార్డు అంటగట్టింది, ఆ మాట చూపించే వార్షిక రుసుము పట్టుకుంటోంది. అమ్మిన సరుకుకు జవాబుదారీ అదే. అడిగేది కూడా పెద్దదేమీ కాదు. మాఫీకి అర్హత ఉన్న లావాదేవీ మీద పది రూపాయలు వెనక్కి వేసేటప్పుడు పదకొండు రూపాయల ఎనభై పైసలు వేయాలి. అంత ధైర్యం లేకపోతే, కార్డు అమ్మే కాగితం మీద ‘ఒక శాతం మాఫీ’ అన్న అక్షరాల పక్కనే, అంతే సైజులో, ‘ప్రతి వెయ్యికి రూ.1.80 మీరే కట్టాలి, నాలుగు వేలు దాటితే మొత్తం మీరే కట్టాలి’ అని వేయాలి. రిజర్వ్ బ్యాంకు ఆ ఒక్క వరుసను తప్పనిసరి చేయాలి. చార్జీ ముందుగా స్పష్టంగా చెప్పాలని తన ఆదేశాల్లో రాసిన రిజర్వ్ బ్యాంకుకు, ఎంత సైజులో చెప్పాలో రాయడం చేతకాని పని కాదు.

అప్పటిదాకా మనవైపు నుంచి ఒక పని. ఈ నెల స్టేట్‌మెంటు తీయండి. పెట్రోలు వరుసలన్నీ గుర్తుపెట్టి, బంకు చీటీలకు పైన ఎంత పడిందో కూడి, ఆ మొత్తం ఎందుకు మిగిలిందో చెప్పమని బ్యాంకుకు ఈమెయిల్ పెట్టండి. ఫోన్ వద్దు, ఫోన్‌లో పాట వినిపిస్తారు. రాసి అడిగితే రాసి జవాబివ్వాలి. ‘జీఎస్టీ మాఫీ కాదు’ అని జవాబొస్తుంది. రానివ్వండి. ఏ సేవకు, ఎంత విలువ మీద, ఆ విలువను మీరు మాఫీ చేశాక ఇంకా పన్ను ఎందుకు నిలిచిందో రాయమని మళ్లీ అడగండి. పైసా వెనక్కి రాకపోయినా, మాఫీ పూర్తిది కాదని వాళ్ల లెటర్‌హెడ్ మీద వాళ్ల చేతే రాయించినట్టవుతుంది. వచ్చేసారి ఆ కార్డు అమ్మడానికి బస్టాండు దగ్గర టేబుల్ వేసుకుని కూర్చున్నవాడి ముందు ఆ కాగితమే పెట్టండి.